జీబీఎస్ తర్వాత 14 నెలలు: ఈ వారం కాలి బొటనవేలు కదిలింది

#1 నిదానంగా_నడక

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ అందరి అనుభవాలూ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. మొన్న మంగళవారం పొద్దున మంచం మీద కూర్చుని చూస్తుంటే ఎడమ కాలి బొటనవేలు పైకి లేచింది. గోరు వెడల్పంత కూడా లేదు. అక్కను పిలిచి మళ్ళీ చేసి చూపించాను, తను నోట్‌బుక్ తెచ్చి తేదీ వేసి రాసుకుంది. ఆ నోట్‌బుక్ గురించి చెప్పాలనే ఈ పోస్ట్.

నాకు 36 ఏళ్ళు. 14 నెలల క్రితం గులియన్ బారే సిండ్రోమ్ వచ్చింది, ఆసుపత్రిలో అందరూ జీబీఎస్ అనేవాళ్ళు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత నరాల మీదే పడే జబ్బు. అంతకు రెండు వారాల ముందు నాకు విరేచనాలు పట్టుకుని మూడు రోజుల్లో తగ్గిపోయాయి, అది నేను మర్చిపోయాను కూడా. తర్వాత ఒకరోజు కాలివేళ్ళలో తిమ్మిరి. మూడో రోజుకి మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకుని లాక్కోవాల్సి వచ్చింది. మొదట చూపించుకున్న చోట నీరసం, ఆఫీసు టెన్షన్ అన్నారు. నాలుగో రోజు కుర్చీలోంచి లేవబోయి అలాగే కింద కూలబడ్డాను. ఐదో రోజు ఆసుపత్రిలో చేరాను. అక్కడ నర్సు ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో చూసేవారు. చేరినప్పుడు 34 దాకా వెళ్ళాను, మర్నాటి సాయంత్రానికి 11 దగ్గరే ఊపిరి ఆగిపోయింది. ఆ రాత్రే వెంటిలేటర్ పెట్టారు, చాలా వారాలు దాని మీదే ఉన్నాను.

ఏ మందు ఇచ్చారు, ఎన్ని రోజులు ఇచ్చారు అనేవి నేను రాయను, దయచేసి అడగొద్దు. ఎవరి కేసు వాళ్ళది, అది చూసే డాక్టర్లు చెప్పాల్సిన మాట. నేను చెప్పగలిగేది మంచం మీద ఉన్నవాడికి రోజులు ఎలా గడుస్తాయో, అంతవరకే.

రెండో వారానికి మెడ కింద ఏదీ కదల్లేదు. ముఖం కూడా సగం పోయింది, రెప్పలు పూర్తిగా మూతపడేవి కావు. కానీ తెలివి మొత్తం ఉంది. ఎవరు వచ్చారో తెలుసు, ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసు, "పాపం, వీడికి ఏమైనా తెలుస్తోందా" అని నా తల దగ్గరే నిలబడి అన్నవాళ్ళ గొంతులూ గుర్తున్నాయి.

నాకు అన్నిటికంటే భారంగా గడిచింది వెంటిలేటర్ పెట్టిన రోజు కాదు. 14వ రోజు నుంచి 43వ రోజు దాకా ఉన్న ఖాళీ. జబ్బు ముదరడం ఆగిపోయింది, తగ్గడం మొదలు కాలేదు. దాదాపు నెల రోజులు. పొద్దున్నే డాక్టరు వచ్చి చేయి ఎత్తమంటారు, రాదు. కాలు ఎత్తమంటారు, రాదు. "స్టేబుల్" అని రాసి వెళ్ళిపోతారు. ఆ మాట వింటే ఏడుపొచ్చేది, ఇక ఇంతే కాబోలు అనిపించేది. ఇలాంటి దశ ఒకటి ఉంటుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ నెల వేరేగా గడిచేదేమో.

44వ రోజు ఎడమ భుజం కొంచెం పైకి లేచింది. నాకు తెలియలేదు. అక్క చూసింది.

అప్పటిదాకా నేను ఎదురుచూసింది కాళ్ళ కోసం. తిమ్మిరి కాళ్ళలో మొదలైంది కాబట్టి తగ్గడం కూడా అక్కడే మొదలవుతుందనుకున్నాను. నాకు పూర్తిగా తిరగబడి వచ్చింది. చివర పోయినవి ముందు వచ్చాయి. భుజాలు, తర్వాత మోచేతులు, ఆ తర్వాత వేళ్ళు. కింద అయితే తుంటి, మోకాలు, అన్నిటికంటే ఆఖరున పాదం. మొదటి రోజు తిమ్మిరెక్కిన ఆ బొటనవేలే ఇప్పుడు, 14 నెలలకి కదిలింది.

నోట్‌బుక్ అక్క ఆలోచన. రోజుకి ఒక్క వాక్యం. "ఈ రోజు వెంటిలేటర్ తీసి 10 నిమిషాలు ఉంచారు." "ఈ రోజు 25 నిమిషాలు, చెమటలు పట్టాయి." "కుడి చెయ్యి పలక మీద అరచేయి వెడల్పంత జరిగింది." లోపల ఉన్నవాడికి ఏ రోజుకారోజు ఏమీ మారనట్టే ఉంటుంది. ఒక రాత్రి నాకు కోపమొచ్చి మూడు నెలలైనా ఇంతేనా అన్నాను. అక్క ఏమీ అనలేదు, ఆరు వారాల వెనక పేజీ తీసి చదివింది: "ఈ రోజు తల పక్కకి తిప్పాడు, తనంతట తనే." అది విని చాలాసేపు మాట్లాడలేకపోయాను, ఎందుకంటే తల తిప్పడం కూడా ఒకప్పుడు రాలేదన్న సంగతే నేను మర్చిపోయాను.

పెద్ద పోస్ట్ అయిపోయింది. ఎవరికైనా ఏదైనా అడగాలనిపిస్తే అడగండి, నా సంగతి వరకు చెబుతాను.

#2 అమ్మకోసం

అన్నా, మీ పోస్ట్ ఆసుపత్రి వరండాలో కూర్చుని చదువుతున్నాను. మా అమ్మకి ఇదే. వెంటిలేటర్ మీద 9వ రోజు. అమ్మకి 58. కళ్ళు తెరిచి నా వైపే చూస్తుంది, కంట్లోంచి నీళ్ళు కారుతుంటాయి, ఏం కావాలో అర్థం కాదు. నొప్పా, దాహమా, భయమా. ఇరవై రకాలుగా అడుగుతాను, ఏదీ కాదన్నట్టు చూస్తుంది. నిజంగా అన్నీ వినపడతాయా? నిన్న తన ముందే డాక్టరుతో ఏవేవో అడిగేశాను.

#3 నిజంమాట

టెన్షన్ పడకండి అమ్మా. జీబీఎస్ అందరికీ మూడు నెలల్లో, మహా అయితే ఆరు నెలల్లో పూర్తిగా తగ్గిపోతుంది. నరం మీద ఉండే పొర పాడవుతుంది, అది మళ్ళీ పెరుగుతుంది, అంతే విషయం. మా బావమరిదికి వచ్చింది, 5 వారాల్లో బైక్ నడిపాడు. పోస్ట్ పెట్టిన ఆయనకి 14 నెలలు పట్టిందంటే ఫిజియో సరిగ్గా చేయించి ఉండరు.

#4 నిదానంగా_నడక

@అమ్మకోసం, నాకైతే అన్నీ వినపడ్డాయమ్మా. నిన్న జరిగినదాని గురించి బాధపడకు. మా అక్క కూడా అలాగే చేసింది, తర్వాత ఒకరోజు నా చెవి దగ్గరకి వచ్చి "నువ్వు వింటున్నావని నాకు తెలియలేదురా" అంది. ఆ రోజు నుంచి ఏది అడగాలన్నా నా ముందే, నన్ను కూడా కలుపుకుని అడిగేది. ఆ మార్పు నాకు తెలిసింది.

మేం మాట్లాడుకున్న పద్ధతి చెబుతాను, మీ నర్సులను అడిగి చూడు, వాళ్ళ దగ్గర ఇంకా మంచివి ఉండొచ్చు. నాకు రెప్పలు సరిగ్గా పడవు కాబట్టి కళ్ళు పైకి తిప్పితే అవును, కదపకపోతే కాదు. మొదట ఒక కాగితం మీద అక్క పది మాటలు రాసింది: నొప్పి, చలి, ఉక్క, కఫం తీయాలి, పక్కకి తిప్పాలి, లైటు, ఇలాంటివి. ఒక్కొక్కటే వేలు పెట్టి చదివేది. అందులో లేనిది చెప్పాలంటే అక్షరాల అట్ట. తెలుగులో ఇది కష్టం, గుణింతాలు, ఒత్తులు అన్నీ పెట్టాలంటే ఒక్క మాటకి అరగంట పడుతుంది. అందుకని గుణింతాలు వదిలేసి హల్లులు మాత్రమే రాసింది, ఐదేసి చొప్పున వరుసలు. "మొదటి వరుసా? రెండోదా?" అని అడుగుతుంది, వరుస రాగానే నేను కళ్ళు తిప్పాలి, తర్వాత ఆ వరుసలో అక్షరాలు.

నేను చెప్పిన మొదటి మాట "మడమ". మంచానికి ఒత్తుకుని నా కుడి మడమ నిప్పు మీద పెట్టినట్టు మండేది. "మ", "డ" దాకా వచ్చేసరికి అక్కకి "మెడ" అని తోచింది, గుణింతం లేదు కదా. సంతోషంగా లేచి మెడ కింద దిండు సర్దింది. నేను కాదంటున్నాను. ఇంకొంచెం ఎత్తింది. కాదు. దిండు తీసేసింది. కాదు. నా లెక్కలో గంట పైనే అయింది. చివరికి నర్సు వచ్చి "మాట పూర్తయిందేమో అడిగారా" అంది. అప్పుడు మూడో అక్షరం చెప్పాను. మడమ కింద మెత్త పెట్టి పాదాన్ని కొంచెం పైకి లేపి ఉంచారు. ఆ రోజు ఐదు గంటలు నిద్రపోయాను.

అప్పటి నుంచి మా రూల్ ఒకటే, మాట అయిపోయిందా అని అడగకుండా లేచి ఏదీ చేయకూడదు.

@నిజంమాట గారు, మీ బావమరిదికి అంత త్వరగా తగ్గినందుకు నిజంగా సంతోషం. నా ఫిజియో మాత్రం బాగానే చేయించారండి, ఒక్క రోజు మానలేదు.

#5 ఫిజియో_17ఏళ్ళు

నరాల జబ్బుల వాళ్ళతోనే 17 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇక్కడ ఎవరికీ వ్యాయామాలు చెప్పను, చూడకుండా చెప్పకూడదు. #3లో రాసినదాంట్లో సగం నిజముంది, మిగతా సగం ఒక ఇంటికి చేటు చేస్తుంది కాబట్టి రాస్తున్నాను.

నరాన్ని కరెంటు వైరు అనుకోండి. పైన తొడుగు, లోపల తీగ. కొందరిలో తొడుగు మాత్రమే పాడవుతుంది, అది వారాల్లో, నెలల్లో మళ్ళీ ఏర్పడుతుంది, మీ బావమరిది అలాంటివారై ఉండొచ్చు. కొందరిలో లోపలి తీగ కూడా దెబ్బతింటుంది. అది మళ్ళీ పెరగాలి, పెరిగేది సుమారుగా రోజుకి ఒక మిల్లీమీటరు. మోకాలి దగ్గర నుంచి పాదం దాకా 40 సెంటీమీటర్లనుకుంటే ఒక్క ఆ దూరానికే 400 రోజులు. 14 నెలలకి బొటనవేలు కదిలిందంటే నాకు ఆశ్చర్యం లేదు, లెక్క సరిగ్గానే ఉంది. పక్కన బతికున్న తీగలు కొత్త కొమ్మలు వేసి కొంత పని అందుకుంటాయి కాబట్టి అందరికీ ఇంత లెక్కగా జరగదు, కానీ పాదం ఆఖరున రావడానికి కారణం దూరమే. పేషెంటు బద్ధకం కాదు, ఫిజియో లోపమూ కాదు.

మొత్తం మీద పదిమందిలో ఎనిమిది మంది దాకా ఆరు నెలలకి ఎవరి సాయం లేకుండా నడుస్తారు. అది పెద్ద మాట, నేనూ ఇళ్ళవాళ్ళకి చెబుతాను. కానీ "అందరికీ మూడు నెలలు" అని చెబితే నాలుగో నెలలో ఆ పేషెంటు నా దగ్గరకి వచ్చి "నాకే ఎందుకు తగ్గలేదు, నేనేం తప్పు చేశాను" అంటారు. ఆ ప్రశ్న చాలాసార్లు విన్నాను.

ఇంకో మాట, పోస్ట్‌లో పలక అని రాశారు కదా. నున్నటి పలక మీద పౌడర్ చల్లి, దాని మీద చెయ్యి పెట్టి పక్కకి జరపమంటాం. బరువు ఎత్తే శక్తి లేని కండరం కూడా, బరువు లేకపోతే జారగలదు. మేం కండరానికి 0 నుంచి 5 దాకా మార్కులు వేస్తాం. పలక మీద జరిగితే 2. గాల్లోకి లేస్తే 3. చూసేవాళ్ళకి 2 అంటే ఏమీ లేనట్టే, చెయ్యి మంచం మీదే ఉంటుంది. మాకు మాత్రం 0కీ 2కీ మధ్య చాలా తేడా, తీగ అక్కడిదాకా వచ్చేసిందని అర్థం. ఇంటివాళ్ళు ఆ తేడాని చూడగలిగితే సగం నిరాశ తగ్గుతుంది.

#6 రామబాణం

మా నాన్నగారికి కూడా ఇలాగే కుడి పక్క చెయ్యి, కాలు పడిపోయాయి, మాట తడబడుతోంది. ఎనిమిది నెలలైంది. పైనుంచి కిందకి వస్తుందని రాశారు కదా, ఆయనకి కాలు ముందు వచ్చింది, చెయ్యి ఇంకా రాలేదు. అంటే తేడా చేసిందా? ఈ పౌడర్ పలక మేం కూడా ఇంట్లో మొదలుపెట్టమంటారా?

#7 ఫిజియో_17ఏళ్ళు

రామబాణం గారు, మీరు చెప్పేది వేరే దారండి. ఒక పక్క మాత్రమే పడిపోయి మాట తడబడితే సాధారణంగా అది మెదడుకి సంబంధించింది, పక్షవాతం అంటాం. జీబీఎస్‌లో మెదడు బాగానే ఉంటుంది, బయటి నరాలు దెబ్బతింటాయి, రెండు పక్కలా వస్తుంది. కోలుకునే క్రమం కూడా వేరు, పక్షవాతంలో కాలు ముందు, చెయ్యి తర్వాత రావడం మేం తరచూ చూస్తాం. కాబట్టి ఈ చర్చలోని వరుసతో మీ నాన్నగారిని పోల్చుకోకండి. పలక సంగతి ఆయన్ని చూస్తున్నవాళ్ళని అడగండి, నేను ఇక్కడ నుంచి అవునూ కాదూ అనలేను.

#8 రామబాణం

సరేనండి. నేను రెండూ ఒకటే అనుకున్నాను. నోట్‌బుక్ మాత్రం మొదలుపెడతాను, దానికి ఎవరినీ అడగక్కర్లేదు కదా.

#9 పాత_తిమ్మిరి

నాకు జీబీఎస్ వచ్చి 11 ఏళ్ళు. నడుస్తాను, ఉద్యోగం చేస్తాను, పిల్లల్ని పెంచాను. కాలివేళ్ళ చివర ఇప్పటికీ మొద్దుబారి ఉంటాయి, ఇసుక మీద నిలబడ్డట్టు. దాని సంగతి నేను ఇప్పుడు పట్టించుకోను, సాక్సు మడత పడినా తెలియదు కాబట్టి రాత్రి పాదాలు ఒకసారి కళ్ళతో చూసుకుంటాను.

ఈ జబ్బుకి పేరు ఇద్దరు ఫ్రెంచి డాక్టర్ల మీద వచ్చింది. 1916లో, యుద్ధం జరుగుతుండగా, గులియన్, బారే, స్ట్రోల్ అని ముగ్గురు కలిసి ఇద్దరు సైనికుల కేసు రాశారు. మూడో ఆయన పేరు జబ్బు పేరులో మిగల్లేదు. నాకు గుర్తుండిపోయింది ఏమిటంటే, ఆ ఇద్దరు సైనికులూ కోలుకున్నారు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవరో చదివి వినిపించారు, వెంటిలేటర్లు కూడా లేని రోజుల్లో ఇద్దరు లేచి నడిచారంటే నేనూ లేస్తానని అనుకున్నాను.

పోస్ట్ పెట్టిన తమ్ముడికి ఒక ప్రశ్న. అలసట ఎలా ఉంది? నీరసం కాదు, నేను అడిగేది ఆ రెండోది.

#10 నిదానంగా_నడక

అన్నా, "ఆ రెండోది" అనగానే అర్థమైంది. దాని గురించి రాయాలో వద్దో అనుకుంటున్నాను.

ఐదో నెలలో రెండు రాడ్ల మధ్య నిలబడ్డాను, ఏడో నెలలో వాకర్, చీలమండలకి ప్లాస్టిక్ పట్టీలు పెట్టి నడిచాను. పాదం ముందు భాగం వేలాడుతుంది కదా, పట్టీ లేకపోతే గచ్చుకి తగిలి పడిపోతాం. ఎనిమిదో నెలలో ఒకరోజు చాలా బాగుందనిపించింది. లిఫ్ట్ ఉన్నా ఎక్కకుండా నాలుగు అంతస్తులు మెట్ల మీద వెళ్ళాను, ప్రతి మెట్టుకీ ఆగుతూ. పైకి వెళ్ళాక అక్కకి ఫోన్ చేసి గర్వంగా చెప్పాను.

మర్నాడు పక్క మీద నుంచి లేవలేకపోయాను. చెయ్యి ఎత్తితే వణుకు. రెండు రోజులు అలాగే. జబ్బు మళ్ళీ తిరగబెట్టిందని నాకు ముచ్చెమటలు పట్టాయి, ఒక్క ఊపిరిలో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, 30 దాటుతోందా లేదా అని. డాక్టరుకి చూపించుకున్నాం, తిరగబెట్టలేదన్నారు. మూడో రోజుకి మామూలైంది. మా ఫిజియో తిట్టలేదు, "నరం ఇంకా సన్నగా ఉంది, నువ్వు మాత్రం పాత మనిషిలా ఖర్చుపెట్టావు" అన్నారు.

ఆ రెండు రోజుల గురించి నోట్‌బుక్‌లో అక్క రాసింది కూడా ఒక్క వాక్యమే. "పడుకున్నాడు. మాట్లాడాడు. ఊపిరి బాగుంది."

ఇప్పుడు కూడా మధ్యాహ్నం మూడు అయ్యేసరికి స్విచ్ ఆపేసినట్టు అవుతుంది. పొద్దున నన్ను చూసినవాళ్ళు "నీకేమైందిరా, బాగానే ఉన్నావుగా" అంటారు.

#11 సగంనిద్ర

నేను ఆ "బాగానే ఉన్నారుగా" అనే వైపు మనిషిని. మావారికి వచ్చి రెండేళ్ళు. మంచం మీద ఉన్నప్పుడు నేను ఒక్క మాట అనలేదు, ఏడాది పాటు రాత్రి రెండు గంటలకోసారి లేచి పక్కకి తిప్పాను. ఇప్పుడు నడుస్తున్నారు, ఆఫీసుకి వెళ్తున్నారు. సాయంత్రం వచ్చి గోడకి చేరబడి కూర్చుండిపోతే నాకు కోపం వస్తుంది. ఇంకా ఎన్నాళ్ళు అని నోటికొచ్చేస్తుంది. అనేశాక బాత్రూములోకి వెళ్ళి ఏడుస్తాను. నడవడం వస్తే అన్నీ అయిపోతాయనుకున్నాను.

సలహా వద్దు, ఎక్కడా చెప్పుకోలేక ఇక్కడ రాశాను.

#12 పాత_తిమ్మిరి

అమ్మా, మా ఆవిడ కూడా అలాగే అనేది. నేను తప్పు పట్టలేదు, ఎందుకంటే బయటకి కనపడేది ఏమీ లేదు, కాలికి పట్టీ ఉన్నప్పుడు అందరూ చోటిచ్చేవారు, పట్టీ తీశాక ఆ చోటు కూడా పోయింది.

నాకు అలసట నాలుగేళ్ళు గట్టిగా ఉంది, తర్వాత మెత్తబడింది, పూర్తిగా పోలేదు. ఈ జబ్బు పడ్డవాళ్ళలో సగానికి పైగా దీని గురించి చెబుతారు. కండరానికి 5 మార్కులు పడ్డా అలసట ఉండొచ్చు. దీని మీద నేను తమ్ముడితో ఒక్క విషయంలో ఏకీభవించను. ఒక్క రోజు కూడా మానలేదని #4లో అన్నావు. నేను మానిన రోజులున్నాయి, అవి కూడా నా కోలుకోవడంలో భాగమే అనుకుంటాను.

#13 ఫిజియో_17ఏళ్ళు

అలసట ఎందుకు అంతకాలం ఉంటుందో మాకూ పూర్తిగా తెలియదండి. కండరం బలం కొలవగలం, నరంలో సిగ్నల్ వేగం కొలవగలం, రెండూ బాగున్నా మనిషి మూడు గంటలకి పడిపోతాడు. కొందరికి మెల్లగా పెంచుకుంటూ వెళ్ళే వ్యాయామం వల్ల తగ్గింది, కొందరికి తగ్గలేదు. విశ్రాంతి తీసుకుంటే తగ్గే అలసట వేరు, రోజురోజుకీ కొత్తగా పెరిగే బలహీనత వేరు. రెండోది అనిపిస్తే ఇక్కడ అడగకుండా డాక్టరు దగ్గరకే వెళ్ళాలి, మెట్ల తర్వాత ఆయన వెళ్ళినట్టు.

#14 నిజంమాట

#5 చదివాక మా బావమరిదికి ఫోన్ చేశాను. 5 వారాల్లో బైక్ నడిపింది నిజమే, కానీ చీకట్లో నడవాలంటే ఇప్పటికీ గోడ పట్టుకుంటాడట. నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఫిజియో గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి.

#15 నిదానంగా_నడక

ఏం పర్లేదండి. ఆ చీకటి సంగతి నాకూ ఉంది. పాదం ఎక్కడుందో పాదం చెప్పదు, కళ్ళు చెప్పాలి. నాకు తెలిసింది ముఖం కడుక్కుంటూ. సబ్బు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను, ఒళ్ళంతా పక్కకి ఒరిగిపోయింది, సింకు అంచు దొరికింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఒక మోచెయ్యి గోడకి ఆనించి, ఒక్క చేత్తో కడుక్కుంటాను. పోయిన నెల నుంచి మోచెయ్యి ఆనించినా బరువు మోపడం లేదు, ఊరికే తగిలి ఉంటుంది.

@పాత_తిమ్మిరి అన్నా, మానిన రోజుల గురించి మీరన్నది ఆలోచిస్తున్నాను. ఒక్క రోజు మానినా ఆ తీగ ఆగిపోతుందేమోనని భయం నాకు. అలా జరగదని తెలుసు, భయం మాత్రం పోలేదు.

@సగంనిద్ర అక్కా, మీ పోస్ట్ మా అక్కకి చూపించాను. తను చదివి ఏమీ అనలేదు, నోట్‌బుక్‌లో తన గురించి ఒక్క ముక్క కూడా రాసుకోలేదని అప్పుడు గమనించాను. 400 పేజీల పైన ఉంది. ఈ రాత్రి నుంచి ఆ రోజు తనకెలా గడిచిందో నేను రాస్తానన్నాను. పెన్ను పట్టుకోవడం ఇంకా వంకరే, పెద్ద పెద్ద అక్షరాలు పడతాయి, ఒక్క వాక్యానికి సరిపోతుంది.

#16 సగంనిద్ర

రాయండి బాబూ. మీ అక్క చదువుతుంది.

#17 అమ్మకోసం

12వ రోజు. మధ్యలో రాయలేకపోయాను. మొన్న రాత్రి బీపీ ఒక్కసారి పైకి, ఒక్కసారి కిందికి పోయి అందరూ పరిగెత్తారు, ఈ జబ్బులో గుండెకి వెళ్ళే నరాలు కూడా తడబడతాయట, ఇప్పుడు నిలకడగా ఉంది. డాక్టరు "స్టేబుల్" అన్నారు. ఇదివరకైతే ఆ మాటకి నేనూ ఏడ్చేదాన్ని. తగ్గేదాకా ఒక ఖాళీ ఉంటుందని మీరు రాశారు కదా, అది మొదలైందేమో అనుకుని ఊరుకున్నాను.

అట్ట తయారుచేశాను. హల్లులు మాత్రమే, ఐదేసి, మందపాటి స్కెచ్ పెన్నుతో. అమ్మకి కళ్ళద్దాలు పెట్టాలన్న సంగతి ఇన్ని రోజులూ ఎవరికీ తట్టలేదు, పెట్టగానే కళ్ళు పెద్దవి చేసి నా ముఖమంతా చూసింది.

మొదటి మాటకి ఇరవై నిమిషాలు పట్టింది. "న". తర్వాత "ద". నిద్ర అనుకున్నాను, లేవబోయాను. మళ్ళీ మీ మెడ, మడమ సంగతి గుర్తొచ్చి కూర్చుని అడిగాను, అయిపోయిందా అమ్మా అని. కళ్ళు కదల్లేదు. ఇంకో అక్షరం. "ప". ఇంకోటి. "య".

న ద ప య.

నిద్రపో, తర్వాత "యి" పెట్టాలి కదా, గుణింతం లేదు. నిద్రపోయి ఎన్ని రోజులైందని అడుగుతోందేమో, తనకి నిద్ర పట్టడం లేదంటోందేమో అని వరసగా అడిగాను. ఏదీ కాదు. చివరికి, "నన్ను నిద్రపోయి రమ్మంటున్నావా?" అన్నాను.

కళ్ళు పైకి తిప్పింది.